ఇంగ్లీషు మాటలు, తెలుగు నడక

మా వీధిలో ఉండే అమ్మాయి ఒకరోజు సాయంత్రం ఫోను చేతిలో పట్టుకుని వచ్చింది. బీకాం చదివి, గుంటూరులో ఓ మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తోంది. హైదరాబాదులో ఒక కంపెనీ అకౌంట్స్ మనుషుల కోసం చూస్తోందని తెలిసి దరఖాస్తు రాసుకుంది. ఆ కంపెనీ ఖాతాదారులంతా అమెరికావాళ్ళే కాబట్టి ఉత్తరం ఇంగ్లీషులోనే ఉండాలి. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు కాపీలు దిద్దడమే నా పని అని వీధిలో అందరికీ తెలుసు. "బాబాయ్ గారూ, గ్రామర్ తప్పులుంటే చూడరా?" అంది.

ఉత్తరం ఇలా ఉంది, ఆమె రాసిన వరసలోనే చెబుతాను. "ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ కోల్డ్ స్టోరేజ్ సిన్స్ ఫోర్ ఇయర్స్. డైలీ ఐ విల్ చెక్ ద బిల్స్ అండ్ ఐ విల్ ఎంటర్ ఇన్ ట్యాలీ. లాస్ట్ ఇయర్ ఇన్ సీజన్ టైమ్ స్టాక్ డిఫరెన్స్ కేమ్, సో ఆఫ్టర్ టేకింగ్ ఆల్ ఓల్డ్ బిల్స్ అండ్ టాకింగ్ విత్ ఫార్మర్స్ అండ్ చెకింగ్ విత్ రిజిస్టర్, ఫోర్ హండ్రెడ్ టిక్కీస్ డిఫరెన్స్ వాజ్ ఫౌండ్ బై మీ. ఐ యామ్ హావింగ్ గుడ్ నాలెడ్జ్ ఇన్ ఎక్సెల్ ఆల్సో. మై నోటీస్ పీరియడ్ ఈజ్ వన్ మంత్ ఓన్లీ. ఐ వాంట్ టు నో వెన్ విల్ బీ ద ఇంటర్వ్యూ. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్."

చదవగానే నవ్వొచ్చింది, టిక్కీల దగ్గర. గుంటూరు యార్డులో టిక్కీ అంటే మిర్చి బస్తా. ఆ మాట తెలియనివాడు నాలుగువందల ఆలూ టిక్కీలు మాయమయ్యాయనుకుంటాడు. కానీ అది ఒక్క మాట మారిస్తే పోయే సంగతి. 'బ్యాగ్స్' అని రాస్తే సరి. మిగిలినవి అలా పోయేవి కావు. ఆ ఉత్తరంలో ప్రతి మాటా ఇంగ్లీషే, వాటి నడక మాత్రం తెలుగు. మాటల్ని ఎన్నిసార్లు దిద్దినా నడక మారదు.

దీన్ని చదువు తక్కువతనం అనుకోనక్కర్లేదు. రెండు భాషలు ఒకే బుర్రలో ఉన్నప్పుడు ఒకదాని అలవాట్లు రెండోదానిలోకి చొరబడతాయని యూరియల్ వైన్‌రైక్ 1953లో తన 'లాంగ్వేజెస్ ఇన్ కాంటాక్ట్' పుస్తకంలో విడమరిచి చూపించాడు. తెలుగు అలవాట్లు ఏవో మనకు తెలుసు కాబట్టి, అవి ఇంగ్లీషులో ఎక్కడ తేలతాయో కూడా ముందే చెప్పుకోవచ్చు. ఆ ఉత్తరాన్నే పట్టుకుని వాక్యం వాక్యం చూద్దాం.

మొదటి వాక్యం వెనక ఉన్న తెలుగు: "నాలుగేళ్ళ నుంచి పనిచేస్తున్నాను." మనకు 'నుంచి' ఒక్కటి చాలు. గుంటూరు నుంచి, సోమవారం నుంచి, నాలుగేళ్ళ నుంచి. ఇంగ్లీషు ఈ మూడింటినీ విడదీస్తుంది. చోటుకు 'ఫ్రమ్', మొదలైన రోజుకు 'సిన్స్', గడిచిన కాలానికి 'ఫర్'. నాలుగేళ్ళు అనేది గడిచిన కాలం, కాబట్టి 'ఫర్ ఫోర్ ఇయర్స్'. అదొక్కటే చాలదు. 'పనిచేస్తున్నాను' అన్న క్రియలో, ఎప్పుడో మొదలై ఇప్పటిదాకా సాగుతోంది అన్న సంగతి తెలుగులో 'నుంచి' వల్లే తెలుస్తుంది. ఇంగ్లీషు ఆ సంగతి క్రియలో కూడా కనిపించాలంటుంది. అందుకే 'హావ్ బీన్ వర్కింగ్'.

రెండో వాక్యం ఇంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే అందులో వ్యాకరణ దోషం ఉన్నట్టే కనిపించదు. "రోజూ బిల్లులు చూస్తాను" అంటే అలవాటు. "రేపు బిల్లులు చూస్తాను" అంటే జరగబోయేది. క్రియ రెండుచోట్లా 'చూస్తాను'. అలవాటుగా జరిగేదాన్ని మన పాత వ్యాకరణాలు తద్ధర్మం అని వేరే పేరు పెట్టి చెప్పాయి గానీ, ఈనాటి వాడుకలో దానికీ భవిష్యత్తుకూ ఒకటే రూపం. బడిలో 'చూస్తాను' అంటే 'ఐ విల్ సీ' అని నేర్చుకున్నాం, అదే వేలు అలవాటుగా నొక్కేస్తోంది. అమెరికాలో చదివేవాడికి "డైలీ ఐ విల్ చెక్ ద బిల్స్" అంటే, ఈ ఉద్యోగమిస్తే ఇకమీదట రోజూ చూస్తానని మాట ఇస్తున్నట్టు ఉంటుంది. నాలుగేళ్ళుగా చేస్తున్న పని కాస్తా ఇంకా మొదలుకాని పని అయిపోయింది. దరఖాస్తులో అంతకంటే నష్టం ఏముంటుంది? 'విల్' తీసేసి "ఐ చెక్" అంటే చాలు, నాలుగేళ్ళూ తిరిగొస్తాయి.

మీ ఇంగ్లీషు డ్రాఫ్టులో 'విల్' ఉన్న ప్రతిచోటా ఆగి, అది రేపటి సంగతా, రోజువారీ సంగతా అని అడగండి. తెలుగువాళ్ళ రాతల్లో ఈ ఒక్క ప్రశ్నకే చాలా వాక్యాలు దొరికిపోతాయి.

ఇక మూడో వాక్యం. ఆ ఉత్తరానికి గుండెకాయ అదే. దాన్ని దిద్దడం మొదలుపెట్టకుండా ఫోను పక్కన పెట్టించాను. "ఇంగ్లీషు సంగతి వదిలెయ్. అసలేం జరిగిందో తెలుగులో చెప్పమ్మా," అన్నాను.

"నాలుగొందల టిక్కీలు తేడా వస్తే నేనే పట్టుకున్నాను బాబాయ్. ఏడుగురు రైతుల సరుకు రెండుసార్లు ఎక్కించేశారు. ఓనరుగారు గుమస్తా కాజేశాడనుకున్నారు, పాపం వాడికి ఏ సంబంధమూ లేదు."

వినండి, నోటితో చెప్పినప్పుడు అసలు వార్త మొదటి వాక్యంలోనే వచ్చేసింది. రాసినప్పుడు మాత్రం చివరికి పోయింది. పైగా, ఏడుగురి సరుకు రెండుసార్లు ఎక్కిందన్న ముఖ్యమైన సంగతి ఉత్తరంలోకి రానేలేదు. ఆమె అనువాదం చేసింది తను మాట్లాడే తెలుగును కాదు, దరఖాస్తుల తెలుగును. మొద్దుబారిన ఇంగ్లీషు వెనక చాలాసార్లు మొద్దుబారిన తెలుగే ఉంటుంది. అందుకే దిద్దేముందు ఒకసారి నోటితో చెప్పించుకుంటాను. మీరే రాస్తుంటే, ఎదురుగా మనిషి ఉన్నాడనుకుని మీకు మీరే చెప్పుకోండి.

ఇప్పుడు ఆ వాక్యం నిర్మాణం చూద్దాం. "పాత బిల్లులన్నీ తీసి, రైతులతో మాట్లాడి, రిజిస్టరుతో సరిచూసి, తేడా పట్టుకున్నాను." తీసి, మాట్లాడి, చూసి: బడిలో క్త్వార్థకాలు అని చదువుకున్నాం కదా, అవే. అసమాపక క్రియలు ఎన్నైనా వరసగా పేర్చుకుంటూ పోయి, చివర ఒక్క సమాపక క్రియతో ముడి వేస్తాం. తెలుగు చెవికి అందులో ఇబ్బందేమీ లేదు, చివరిదాకా ఆగడం మనకు అలవాటు. ఇంగ్లీషు పాఠకుడు అలా ఆగడు. ఎవరు, ఏం చేశారు అన్న రెండూ వాక్యం మొదట్లోనే పక్కపక్కన కనబడాలి. అవి దొరికితే మిగతావి ఎన్ని తగిలించినా మోస్తాడు. దొరక్కపోతే రెండో కామా దగ్గరే పట్టు జారుతుంది. ఆమె వాక్యంలో 'ఆఫ్టర్ టేకింగ్, టాకింగ్, చెకింగ్' అని మూడు గడపలు దాటితే గానీ అసలు గదిలోకి పోలేం.

నేను పెట్టుకున్న పద్ధతి చిన్నది. తెలుగు వాక్యంలో చివర ఉన్న సమాపక క్రియను పట్టుకోవాలి, ఇక్కడ 'పట్టుకున్నాను'. దాని కర్తను పట్టుకోవాలి, 'నేను'. ఆ రెంటినీ ముందుకు తేవాలి: "ఐ ట్రేస్డ్". వెంటనే దేన్ని అన్నది: "ఎ 400-బ్యాగ్ ఎర్రర్ ఇన్ అవర్ స్టాక్". అక్కడికి వాక్యం తన కాళ్ళమీద నిలబడింది. ఆ తర్వాతే ఎలా, ఎప్పుడు, ఎందుకు. వీటిలో చదివేవాడికి అక్కర్లేనివి ఉంటే రాలిపోనివ్వాలి. బిల్లులు తీయడం, రిజిస్టరు చూడటం ఏ అకౌంటెంటైనా చేసేదే. రెండుసార్లు ఎక్కిన సంగతి మాత్రం ఈమెకే తెలిసినది, అది ఉండాలి.

అదే వాక్యంలో ఇంకో రెండు తెలుగు అలవాట్లు ఉన్నాయి. ఒకటి "డిఫరెన్స్ కేమ్". మనకు అన్నీ 'వస్తాయి'. జ్వరం వస్తుంది, నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, కల వస్తుంది, లెక్కలో తేడా కూడా వస్తుంది. మనిషి 'నాకు' అని ఓ పక్కన నిలబడి ఉంటాడు, అవే వచ్చి మీద పడతాయి. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి మనిషే కర్త. జ్వరం ఉన్నవాడు, కోపం తెచ్చుకున్నవాడు, తేడా చూసినవాడు ముందుకు రావాలి. మీ డ్రాఫ్టులో 'కేమ్' కనబడితే, నిజంగా ఎవరైనా నడిచి వచ్చారా అని చూసుకోండి. రాకపోతే మనిషితో వాక్యం మొదలుపెట్టండి.

రెండోది "వాజ్ ఫౌండ్ బై మీ". ఇక్కడ నాకు ఆమె మీద కోపం రాలేదు, జాలేసింది. "ఐ ఫౌండ్ అని ఎందుకు రాయలేదు?" అంటే, "అన్నీ ఐ, ఐ అని ఉంటే డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందని," అంది. నిజమే. తెలుగులో 'నేను' అననక్కర్లేదు, 'పట్టుకున్నాను' లోనే 'ను' ఉంది. పది వాక్యాలు రాసినా 'నేను' ఒక్కసారి కనిపిస్తే చాలు. ఇంగ్లీషు క్రియకు ఆ తోక లేదు, ప్రతిసారీ 'ఐ' బయటికి రావాలి. మనకది అహంకారంలా వినిపించి, తప్పించుకోడానికి కర్మణి వాక్యంలో దాక్కుంటాం. ఇంగ్లీషు పాఠకుడికి ఆ 'ఐ' వినబడనే వినబడదు, అది వాళ్ళకు మన 'ను' లాంటిదే. అయినా ఎక్కువైందనిపిస్తే ఒకే 'ఐ'కి రెండు మూడు క్రియలు తగిలించవచ్చు: "ఐ చెక్ ద డైలీ బిల్స్, ఎంటర్ దెమ్ ఇన్ ట్యాలీ అండ్ ప్రిపేర్ ద మంత్లీ రెంట్ స్టేట్‌మెంట్స్."

ఈ రెంట్ స్టేట్‌మెంట్ల సంగతి నాలుగో వాక్యంలోంచి వచ్చింది. "ఐ యామ్ హావింగ్ గుడ్ నాలెడ్జ్ ఇన్ ఎక్సెల్ ఆల్సో." తెలుగులో 'ఉంది' అన్నది నడుస్తున్న పని కాదు, ఒక స్థితి. ఇంగ్లీషులో స్థితిని చెప్పే క్రియలకు మామూలుగా 'ఇంగ్' తగిలించరు: హావ్, నో, అండర్‌స్టాండ్, బిలాంగ్. వాడకంలో దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. భోజనం చేస్తున్నాననడానికి 'హావింగ్ లంచ్' అనొచ్చు, అక్కడ హావ్ అంటే ఉండటం కాదు, తినడం. ఇక్కడ "ఐ హావ్" అని దిద్దితే వ్యాకరణం సరిపోతుంది గానీ వాక్యం ఇంకా బోలుగానే ఉంటుంది. "ఎక్సెల్‌తో ఏం చేస్తావు?" అని అడిగాను. నెలనెలా ఒక్కో రైతుకు ఎన్ని బస్తాలకు ఎంత అద్దె పడిందో షీటు తయారుచేస్తుందట. అదే రాయమన్నాను. పరిజ్ఞానం ఉంది అని చెప్పుకునే బదులు ఆ పరిజ్ఞానంతో చేసిన పని చెబితే బిగుసుకుపోయిన ఇంగ్లీషు దానంతటదే సడలుతుంది.

ఐదో వాక్యంలో 'ఓన్లీ'. ఇది మన 'ఏ'. నెలే, నేనే, ఈరోజే, ఇక్కడే. ఒక్క అచ్చు చేసే పనులెన్నో. కొంచెమేనని తగ్గిస్తుంది, వేరొకరు కాదని తేలుస్తుంది, ఉట్టినే ఒత్తి పలుకుతుంది. ఇంగ్లీషు 'ఓన్లీ'కి మొదటి పనే ముఖ్యం. అందుకే దాన్ని అన్నిచోట్లా వాడితే అర్థం తలకిందులైపోతుంది. "నేనే పట్టుకున్నాను" అన్న ఆ అమ్మాయి గర్వాన్ని "ఐ ఓన్లీ ఫౌండ్ ది ఎర్రర్" అని రాస్తే, "నేను చేసింది ఏముందిలెండి, తప్పు చూశానంతే" అన్నట్టు అవుతుంది. తన గొప్పను తానే తీసేసుకోవడం. మన 'ఏ' కు ఇంగ్లీషులో ఒక్క సాటి లేదు. చాలాచోట్ల దాన్ని వదిలెయ్యడమే మంచిది. ఒత్తి చెప్పాలంటే 'మైసెల్ఫ్', 'జస్ట్ టుడే', 'రైట్ హియర్' లాంటివి ఏ చోటికి తగ్గది ఆ చోట వెతుక్కోవాలి.

ఆరో వాక్యం "ఐ వాంట్ టు నో వెన్ విల్ బీ ద ఇంటర్వ్యూ." తెలుగులో "ఇంటర్వ్యూ ఎప్పుడు ఉంటుంది?" అన్న ప్రశ్నకు చివర 'ఓ' చేర్చి "ఎప్పుడు ఉంటుందో" అంటే చాలు, పెద్ద వాక్యంలో ఒదిగిపోతుంది. మాటల వరస కదలదు. ఇంగ్లీషులో సూటి ప్రశ్నకు 'విల్' ముందుకు దూకుతుంది, అదే ప్రశ్న మరో వాక్యంలో ఇమిడినప్పుడు మళ్ళీ వెనక్కి వచ్చి తన చోట కూర్చుంటుంది: "వెన్ ద ఇంటర్వ్యూ విల్ బీ." మనకు వరస మార్చే అలవాటే లేదు కాబట్టి ప్రశ్నను ప్రశ్నలాగే ఎత్తి పెట్టేస్తాం.

చివరి వాక్యం గురించి మాత్రం తెలుగును తిట్టకూడదు. "డూ ద నీడ్‌ఫుల్" ఏ తెలుగు వాక్యానికీ అనువాదం కాదు. తెల్లదొరల కాలంనాటి ఆఫీసు ఇంగ్లీషు మన కచేరీల్లో మిగిలిపోయింది. దాన్ని సహజంగా చేయాలని చూడొద్దు, ఏం కావాలో సూటిగా అడగండి చాలు.

ఇదంతా అయ్యేసరికి ఉత్తరం ఇలా తయారైంది. "ఐ హావ్ బీన్ ఎన్ అకౌంటెంట్ ఎట్ ఎ చిల్లీ కోల్డ్ స్టోరేజ్ ఇన్ గుంటూరు ఫర్ ఫోర్ ఇయర్స్. ఐ చెక్ ద డైలీ బిల్స్, ఎంటర్ దెమ్ ఇన్ ట్యాలీ అండ్ ప్రిపేర్ ద మంత్లీ రెంట్ స్టేట్‌మెంట్స్ ఇన్ ఎక్సెల్. లాస్ట్ ఇయర్ ఐ ట్రేస్డ్ ఎ 400-బ్యాగ్ ఎర్రర్ ఇన్ అవర్ స్టాక్: సెవెన్ ఫార్మర్స్ బ్యాగ్స్ హాడ్ బీన్ ఎంటర్డ్ ట్వైస్. ఐ కెన్ జాయిన్ ఇన్ ఎ మంత్. కుడ్ యూ లెట్ మీ నో వెన్ ద ఇంటర్వ్యూ విల్ బీ?" ముందుకంటే చిన్నది, అయినా ఇందులో ఆమె ఎక్కువ కనిపిస్తుంది.

ఇందులో 'హాడ్ బీన్ ఎంటర్డ్' అని కర్మణి వాక్యం మిగిలే ఉందని గమనించారా? కావాలనే ఉంచాను. ఎవరు ఎక్కించారన్నది అక్కడ అక్కర్లేదు, చెబితే చాడీలా ఉంటుంది. చెప్పాల్సిన కర్తను దాచినప్పుడే కర్మణి వాక్యం కృత్రిమమవుతుంది.

పక్కన దిద్దేవాళ్ళు లేనప్పుడు ఏం చేయాలి? నేను చెప్పే పరీక్ష ఒకటుంది. రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట వెనక్కి తెలుగులోకి తిప్పండి. అంతా అదే వరసలో హాయిగా అతుక్కుపోయిందంటే అనుమానించండి. "డైలీ ఐ విల్ చెక్ ద బిల్స్": రోజూ, నేను, చూస్తాను, బిల్లులు. క్రియ ఒక్కటి అటూ ఇటూ జరిగితే అచ్చ తెలుగు. అదే "సెవెన్ ఫార్మర్స్ బ్యాగ్స్ హాడ్ బీన్ ఎంటర్డ్ ట్వైస్" అన్నదాన్ని తిప్పబోతే 'హాడ్ బీన్' దగ్గర తెలుగు తడబడుతుంది. ఆ తడబాటు మంచి గుర్తు. అయితే ఇది అనుమానానికే గానీ తీర్పుకు పనికిరాదు. "ఆయన నిన్న వచ్చారు" లాంటి చిన్న వాక్యాలు రెండు భాషల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. ఈ పరీక్షకు అస్సలు దొరకనివి 'ఎ', 'ద'లు. తెలుగులో వాటికి సాటి లేదు కనక తిప్పినప్పుడు ఎటూ రాలిపోతాయి, ఉండాల్సినచోట లేకపోయినా తెలియదు. అవి చదవగా చదవగా చెవికి పట్టాల్సిందే. అంతవరకు ముఖ్యమైన ఉత్తరాలు ఇంకొకరికి చూపించుకోవడం నామోషీ కాదు.

వారం తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఇంటర్వ్యూకు పిలిచారట, ఈలోపే ఓనరుగారికి ఇవ్వాల్సిన రాజీనామా ఉత్తరం కూడా రాసేసుకుంది. ఈసారి తనే దిద్దుకుంది. 'ఓన్లీ'లు లేవు, 'విల్' చోటు తప్పలేదు. కర్త, క్రియ మొదట్లోనే ఉన్నాయి: "ఐ హావ్ డిసైడెడ్ టు లీవ్." మంచి ఇంగ్లీషు.

"మీ ఓనరుగారు ఇంగ్లీషు చదువుతారా?" అన్నాను.

"చదవరు బాబాయ్. నేనే చదివి వినిపించాలి."

"అయితే తెలుగులోనే రాయి. పెద్దాయన కదా, మానేస్తున్నానని మొదటి మాటలోనే మొహాన కొట్టకు."

అక్కడే నా బల్ల దగ్గర కూర్చుని రాసింది. నాలుగేళ్ళు పని నేర్పించి, తప్పులు చేస్తే ఓర్చుకుని, నాన్నకు ఆపరేషనప్పుడు అడగకుండానే డబ్బు సర్ది, ఇంట్లో పిల్లలా చూసుకున్నందుకు దణ్ణం పెడుతూ, వచ్చే నెల నుంచి సెలవు తీసుకుంటున్నానని. ఒకే వాక్యం. చేతులు కట్టుకుని నిలబడి చెప్పినట్టుంది, క్రియ చివర్లో. అందులో నేను ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.